యూనిట్ తప్పితే మార్కు ఎక్కడ తగ్గాలి? ఫిజిక్స్ లెక్క దిద్దడంలో ఉన్న చిక్కు

క్లుప్తంగా: ఫిజిక్స్ లెక్కలో యూనిట్ పొరపాటు ప్రధానంగా మూడు చోట్ల జరుగుతుంది. విలువలు వేసే ముందు మార్చుకునేటప్పుడు, చివర యూనిట్ రాసేటప్పుడు, వచ్చిన జవాబును మళ్లీ ఇంకో యూనిట్‌లోకి తిప్పేటప్పుడు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే, ఒక్కసారే మార్కు తగ్గించే పద్ధతి నిలబడుతుంది. జవాబు ఎన్ని రెట్లు తేడాగా వచ్చిందన్నది చూసి మార్కు కోసే పద్ధతి నిలబడదు.

ఒకే జవాబు పత్రాన్ని ఇద్దరు దిద్దితే ఒకరు నాలుగుకు మూడు, ఇంకొకరు ఒకటి వేయడం ఫిజిక్స్ లెక్కల్లో తరచూ జరిగేదే. ఫార్ములా సరిగ్గా ఉన్నప్పుడు, గుణకార భాగహారాలు సరిగ్గా ఉన్నప్పుడు గొడవంతా సాధారణంగా యూనిట్ దగ్గరే వస్తుంది. "అంతా చేశాడు కదా, ఒక్క యూనిటే కదా" అని ఒకరంటారు, "యూనిట్ లేకపోతే అది ఫిజిక్స్ జవాబే కాదు" అని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే ఈ వాదన తెగదు. తెగాలంటే ముందు ఒక లెక్క తీసుకుని, అందులో యూనిట్ ఎన్ని రకాలుగా తప్పవచ్చో చూడాలి.

## లెక్క ఇదీ

2 మీటర్ల పొడవు, 0.2 చదరపు మిల్లీమీటర్ల మధ్యచ్ఛేద వైశాల్యం ఉన్న స్టీలు తీగను 50 న్యూటన్ల బలంతో లాగారు. స్టీలు యంగ్ గుణకం 2 × 10¹¹ పాస్కల్. తీగ ఎంత సాగుతుంది?

సాగుదలకు సూత్రం ΔL = FL/(AY). ఇక్కడ మార్చాల్సింది వైశాల్యం ఒక్కటే. ఒక మిల్లీమీటరు 10⁻³ మీటర్లు కాబట్టి ఒక చదరపు మిల్లీమీటరు 10⁻⁶ చదరపు మీటర్లు, అంటే A = 0.2 × 10⁻⁶ m².

```
ΔL = (50 × 2) / (0.2 × 10⁻⁶ × 2 × 10¹¹)
   = 100 / (4 × 10⁴)
   = 2.5 × 10⁻³ m = 2.5 mm
```

దీనికి నాలుగు మార్కులు అనుకుందాం. సూత్రానికి 1, యూనిట్లు మార్చి విలువలు వేసినందుకు 1, లెక్క చేసినందుకు 1, యూనిట్‌తో సహా చివరి జవాబుకు 1. స్టెప్ మార్కులు ఇచ్చే చాలా స్కీముల్లో విభజన కాస్త అటూ ఇటూ ఇలాగే ఉంటుంది, కొన్నిచోట్ల అర మార్కుల్లోకి పోతుంది.

## అంకెలు మారవు, ఘాతం మారుతుంది

ఈ లెక్కలో గమనించాల్సిన విషయం ఒకటుంది. వైశాల్యాన్ని తప్పుగా మార్చినా జవాబులో "2.5" అలాగే ఉంటుంది, కదిలేది పది మీద ఉన్న ఘాతం మాత్రమే. మిల్లీమీటరుకు 10⁻³ కదా అని వైశాల్యానికి కూడా 10⁻³ వేసేసినవాళ్లకు 2.5 × 10⁻⁶ మీటర్లు వస్తుంది. అసలేమీ మార్చకుండా 0.2 ని అలాగే వేస్తే 2.5 × 10⁻⁹. చదరపు సెంటీమీటరు అనుకుని 10⁻⁴ తో గుణిస్తే 2.5 × 10⁻⁵. వైశాల్యం, ఘనపరిమాణం కలగాపులగమై 10⁻⁹ వేస్తే ఏకంగా 2.5 మీటర్లు.

దిద్దేవాళ్లకు ఇది చాలా పనికొచ్చే ఆనవాలు. ఘాతం చూడగానే ఏ మెట్టు దగ్గర కాలు జారిందో దాదాపు తెలిసిపోతుంది, పై లైన్లలో ఆ చోటికి నేరుగా వెళ్లి సరిచూసుకుంటే చాలు. కాబట్టి పేపర్లు దిద్దడం మొదలుపెట్టే ముందే, సరైన జవాబుతో పాటు ఈ మూడు నాలుగు తప్పు జవాబులు కూడా చేసి పక్కన రాసి పెట్టుకోవడం మంచిది. ఐదు నిమిషాల పని. రాసుకోకపోతే, 2.5 × 10⁻⁹ అని చూసి "ఎక్కడో పూర్తిగా గాడి తప్పాడు" అనుకుని మార్కులన్నీ కొట్టేసే ప్రమాదం ఉంటుంది. నిజానికి ఆ విద్యార్థి చేసింది ఒక్క తప్పే, యూనిట్ మార్చడం మర్చిపోయాడు. పదిలక్షల రెట్లు తేడా వచ్చిందని తప్పు పదిలక్షల రెట్లు పెద్దదైపోదు.

పది ఘాతాలు కాని మార్పిడుల్లో ఆనవాలు వేరుగా ఉంటుంది, అంకెలే మారిపోతాయి. గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు. 1000 కిలోల బండికి గతిశక్తి 2 లక్షల జౌళ్లు రావాలి. 72 ని అలాగే వేసినవాళ్లకు 25 లక్షల 92 వేలు వస్తుంది. రెండో సంఖ్యను మొదటిదానితో భాగిస్తే 12.96, అంటే 3.6 వర్గం. వేగం మామూలుగా వచ్చే లెక్కలో 3.6 రెట్లు, వేగవర్గం వచ్చే లెక్కలో 12.96 రెట్లు, నిమిషాలను సెకన్లుగా మార్చకపోతే 60 రెట్లు. విద్యార్థి జవాబును అసలు జవాబుతో భాగించి చూస్తే సంగతి బయటపడుతుంది.

## ఆరు పత్రాలు, ఆరు తీర్పులు

ఇప్పుడు తీగ లెక్కకే వద్దాం.

మొదటి పత్రంలో అంతా సరిగ్గా ఉంది, చివర "ΔL = 2.5 × 10⁻³" అని ఆపేశారు. యూనిట్ లేదు. ఇక్కడ పోయేది చివరి మార్కు, లేదా అందులో సగం. ఎంత అన్నది స్కీము చెప్పాలి, దిద్దేవారి మూడ్ కాదు. అర మార్కు తగ్గించే స్కీమైతే, పై లైనులో విలువల పక్కన m, m², N/m² అని రాసుకుంటూ వచ్చారా లేదా అన్నది చూడటం న్యాయం. రాసి ఉంటే ఆ 2.5 × 10⁻³ మీటర్లే అని పత్రమే చెబుతోంది, చివర రాయడం మరిచారంతే. ఎక్కడా ఏ యూనిటూ లేకుండా వట్టి అంకెలే ఉంటే ఆ సంఖ్య మీటర్లో, మిల్లీమీటర్లో చదివేవారికి తెలియదు, అక్కడ మొత్తం మార్కు తగ్గించినా తప్పుపట్టలేం.

రెండో పత్రంలో లెక్కంతా మీటర్లలోనే చేసి చివర "2.5 × 10⁻³ mm" అని రాశారు. ప్రశ్నలో మిల్లీమీటర్లు కనిపించాయి కాబట్టి చేయి అటు పోయి ఉండొచ్చు. చాలామంది దీన్ని యూనిట్ రాయనిదానితో సమానంగా చూస్తారు, కానీ ఇది దానికంటే ఒక మెట్టు పెద్ద తప్పే. మొదటి పత్రం ఒక మాట చెప్పకుండా వదిలేసింది, ఇది తప్పు మాట చెప్పింది. చెప్పిన జవాబు అసలుకంటే వెయ్యి రెట్లు చిన్నది. చివరి మార్కు పూర్తిగా పోతుంది. అంతకుమించి పోకూడదు, ఎందుకంటే పైన మూడు మెట్లలో తప్పేమీ లేదు.

మూడోది అసలైన తగాదా. 0.2 mm² = 0.2 × 10⁻³ m² అని మార్చి, అక్కడినుంచి అంతా పద్ధతిగా చేసి 2.5 × 10⁻⁶ m అని తేల్చారు. మార్పిడి మార్కు పోయింది, అందులో వాదన లేదు. మరి చివరి జవాబు మార్కు? కీలో ఉన్న జవాబు కాదు కాబట్టి సున్నా అని కొందరు. అప్పుడు నాలుగుకు రెండు. ఆ తప్పు విలువతో ఏ జవాబు రావాలో సరిగ్గా అదే వచ్చింది, యూనిట్ కూడా ఉంది కాబట్టి ఇవ్వాలని కొందరు. అప్పుడు మూడు. వెనకటి తప్పును ముందుకు మోసుకెళ్లనిచ్చే ఈ రెండో పద్ధతిని ఇంగ్లీషులో క్లుప్తంగా ఈసీఎఫ్ అంటారు, ఐబీ లాంటి అంతర్జాతీయ పరీక్షల మార్కింగ్ స్కీముల్లో అది అచ్చులోనే కనిపిస్తుంది. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకూడదన్నది దాని వెనకున్న ఆలోచన, అదే సరైనది కూడా. ఎందుకంటే చివరి మార్కు పెట్టింది చివరి మెట్టులో చేసిన పనికి. ఆ పని ఈ విద్యార్థి చేశాడు.

అయితే దీనికి ఒక హద్దు ఉండాలి. 10⁻⁹ వేసినవారికి సాగుదల 2.5 మీటర్లు వచ్చిందని పైన చూశాం. 2 మీటర్ల స్టీలు తీగ 2.5 మీటర్లు సాగడం జరిగే పని కాదు, దానికి చాలా ముందే తెగిపోతుంది. అలాంటి జవాబును ఏ అనుమానమూ లేకుండా రాసేస్తే చివరి మార్కు ఇవ్వని స్కీములు ఉన్నాయి, అది సబబే. "ఇది ఎక్కువగా ఉంది, ఎక్కడో తప్పు జరిగింది" అని ఒక వాక్యం రాసిన విద్యార్థికి ఆ మార్కు ఇవ్వడం ఇంకా సబబు. మూడో పత్రంలోని 2.5 మైక్రోమీటర్లు మాత్రం అలా చూడగానే అసాధ్యంగా అనిపించేది కాదు, దాన్ని విద్యార్థి పట్టుకోవాలని ఆశించలేం.

నాలుగో పత్రంలో 2.5 × 10⁻³ m అని సరిగ్గా తేల్చి, పక్కన "= 25 mm" అని రాశారు. ప్రశ్న మిల్లీమీటర్లలో అడిగితే చివరి మార్కు పోతుంది. యూనిట్ ఏదని ప్రశ్న చెప్పకపోతే, సరైన జవాబు అప్పటికే వచ్చేసింది, తర్వాత రాసినది అదనపు పని, దాన్ని పట్టించుకోకుండా పూర్తి మార్కులు ఇచ్చే పద్ధతే చాలా స్కీముల్లో ఉంది. రెండు జవాబుల్లో ఏదో ఒకటి తగలకపోతుందా అని పక్కపక్కన రాసినట్టు కనిపిస్తే సంగతి వేరు. కానీ సమానమన్న గుర్తు పెట్టి మార్చబోయారంటే అది మార్పిడి ప్రయత్నమే.

ఐదో పత్రం దిద్దేవారిని కంగారు పెడుతుంది. మీటర్లే లేవు, పాస్కల్ లేదు. పొడవు 2000, వైశాల్యం 0.2, యంగ్ గుణకం 2 × 10⁵, జవాబు 2.5 mm. అంతా మిల్లీమీటర్లలో, గుణకాన్ని N/mm² లోకి మార్చుకుని చేశారు. ఇంజినీరింగ్‌లో రోజూ చేసే పద్ధతి ఇది. ఎస్ఐ యూనిట్లలోకి మార్చలేదని ఇక్కడ మార్కు కోస్తే అది దిద్దేవారి తప్పు. సూత్రం అడిగేది యూనిట్లన్నీ ఒకదానితో ఒకటి పొసగాలని మాత్రమే, మీటరే కావాలని కాదు. నాలుగుకు నాలుగు.

ఆరోదాన్ని కళ్లు పెట్టుకుని చూడకపోతే దొరకదు. పొడవును మిల్లీమీటర్లు చేసి 2000 వేశారు. వైశాల్యానికి మూడో పత్రంలో లాగే 10⁻³ వేశారు. గుణకం మాత్రం పాస్కల్‌లోనే ఉంచారు.

```
ΔL = (50 × 2000) / (0.2 × 10⁻³ × 2 × 10¹¹)
   = 10⁵ / (4 × 10⁷)
   = 2.5 × 10⁻³ m
```

జవాబు కీతో అచ్చంగా కలిసింది, యూనిట్ కూడా కలిసింది. వైశాల్యం వెయ్యి రెట్లు పెరిగింది, పొడవు కూడా వెయ్యి రెట్లు పెరిగింది, ఒకటి కింద ఒకటి పైన ఉన్నాయి కాబట్టి రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. చివరి లైను మాత్రమే చూసి టిక్కు పెట్టేవారి దగ్గర నాలుగుకు నాలుగు వస్తాయి. మెట్లు చూసి దిద్దితే సూత్రానికి ఒకటి, లెక్కకు ఒకటి. మార్పిడికి లేదు, చివరి జవాబుకూ లేదు, ఎందుకంటే పెట్టిన విలువలకు ఆ "m" రాదు. వాటితో నిజాయితీగా వచ్చే యూనిట్ మిల్లీమీటరు, అప్పుడది తప్పు జవాబు. మూడో పత్రానికి మూడు, దీనికి రెండు అంటే విద్యార్థికి అన్యాయంగా అనిపించవచ్చు, "నా జవాబు కరెక్టు కదా" అని అడగవచ్చు. పత్రంలోని రెండు విలువల పక్కన యూనిట్లు రాయించి చూపిస్తే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

## యూనిట్ తప్పులా కనిపించేవి, కానివి

కొన్ని తప్పులు పైకి యూనిట్ పొరపాట్లలా ఉంటాయి, లోపల భావన తెలియకపోవడం ఉంటుంది. వాటిని ఒక మార్కుతో వదిలేయడం మెతకతనం.

తీగకు 50 న్యూటన్ల బలం అని చెప్పకుండా 5 కిలోల బరువు వేలాడదీశారు అని ఇస్తే, కొందరు F = 5 అని వేసేస్తారు. జవాబు 9.8 రెట్లు తక్కువ వస్తుంది. కిలోగ్రామును న్యూటన్‌గా "మార్చడం" మరిచారని దీన్ని మార్పిడి తప్పుల్లో కలిపేస్తారు. కానీ కిలోగ్రాము ద్రవ్యరాశికి యూనిట్, న్యూటన్ బలానికి. ఒకటి ఇంకొకటిగా మారదు, మధ్యలో గురుత్వ త్వరణంతో గుణించడమనే భౌతికశాస్త్రం ఉంది. అది లేనప్పుడు పోయేది బలం కనుక్కునే మెట్టుకు పెట్టిన మార్కు.

ఉష్ణోగ్రతలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. స్థిర ఘనపరిమాణంలో వాయువును 27 నుంచి 127 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే పీడనం ఎన్ని రెట్లవుతుంది అన్నప్పుడు 400ని 300తో భాగించాలి, 1.33 వస్తుంది. సెల్సియస్‌లోనే భాగిస్తే 4.7. వేరే యూనిట్లలో అయితే నిష్పత్తి మారదు కదా, మీటర్లలో చేసినా సెంటీమీటర్లలో చేసినా పొడవుల నిష్పత్తి ఒక్కటే. ఇక్కడ మారిందంటే కారణం సెల్సియస్ సున్నా అసలు సున్నా కాకపోవడం. పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందన్న నియమమే ఇక్కడ పరీక్షిస్తున్నారు, కాబట్టి అది పోతే సింహభాగం పోయినట్టే.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. అర కిలో నీటిని 20 నుంచి 50 డిగ్రీలకు వేడి చేయడానికి కావలసిన ఉష్ణం, విశిష్టోష్ణం 4200 తీసుకుంటే, 63,000 జౌళ్లు. కెల్విన్‌లోకి మార్చాలన్న అలవాటు కొద్దీ తేడా 30కి 273 కలిపి 303 వేసినవాళ్లకు 6,36,300 వస్తుంది. రెండు ఉష్ణోగ్రతలనూ విడివిడిగా 293, 323 చేసి తీసివేసినవాళ్లకు మళ్లీ 30 వస్తుంది, వాళ్లకు పూర్తి మార్కులు. తేడాకు 273 కలిపినవారు మార్పిడి సూత్రం సరిగ్గానే గుర్తుపెట్టుకున్నారు, అది ఎక్కడ వర్తిస్తుందో తెలియలేదు.

ఇంకో పక్క, తప్పే కానివాటికి మార్కు కోసే అలవాటు కూడా ఉంది. శక్తికి J బదులు N m రాసినా, పీడనానికి Pa బదులు N/m² రాసినా అవి ఒక్కటే. సెకనుకు s బదులు sec అని, kg కి Kg అని రాయడం పద్ధతి కాదు, చెప్పాలి, కానీ అర్థం మారలేదు కాబట్టి మార్కు తీయనక్కర్లేదు. అర్థం మారే చోట మాత్రం అక్షరం పెద్దదా చిన్నదా అన్నది చూడాల్సిందే. mN అంటే న్యూటన్‌లో వెయ్యో వంతు, MN అంటే పదిలక్షల న్యూటన్లు. త్వరణానికి m/s అని రాస్తే అది వేగం యూనిట్, మితులే తప్పాయి. మీటరు చోట మిల్లీమీటరు రాసిన తప్పుకంటే ఇది లోతైనది.

## ఒకే యూనిట్ పదిసార్లు మరిస్తే

ఒక ప్రశ్నలో మూడు భాగాలుండి మూడింటిలోనూ యూనిట్ రాయకపోతే మూడుసార్లు తగ్గించాలా? మొదటి భాగం జవాబు రెండోదానిలోకి వెళ్తే అక్కడ మళ్లీ తగ్గించకూడదన్నది తేలికే. విడి భాగాలైనప్పుడే ఇబ్బంది. ఒక ప్రశ్నలో అదే యూనిట్ లోపానికి ఒక్కసారే తగ్గించి, ఇంకో ప్రశ్నకు వెళ్లినప్పుడు మళ్లీ లెక్కపెట్టడం ఆచరణలో బాగా పనిచేస్తుంది. లేకపోతే ఒకే అలవాటుకు పేపరంతా మార్కులు పోయి, చివరి స్కోరు ఫిజిక్స్ ఎంత వచ్చో చెప్పకుండా యూనిట్ రాసే అలవాటు ఉందా లేదా అన్నదే చెబుతుంది. ఏది పెట్టుకున్నా అందరు దిద్దేవాళ్లకూ ముందే తెలియాలి. సగం పేపర్లు అయ్యాక నియమం మార్చితే మొదటి కట్ట మళ్లీ విప్పాల్సిందే.

## కంప్యూటర్ దిద్దితే

జవాబు డబ్బాలో అంకె టైపు చేసే పరీక్షల్లో పై మెట్లేవీ కనిపించవు. డబ్బా పక్కన mm అని ఉండి విద్యార్థి 0.0025 కొడితే సున్నా, లెక్క మీటర్లలో పక్కాగా చేసినా సరే. ఐదు శాతం తేడా వరకు ఒప్పుకునేలా పెట్టినా లాభం లేదు, ఘాతం తప్పినప్పుడు తేడా శాతాల్లో ఉండదు.

మూడుల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దీనికి కొంత దారి ఉంది. న్యూమరికల్ ప్రశ్నలో యూనిట్ రాయడం తప్పనిసరి చేయవచ్చు, మీటరు, మిల్లీమీటరు రెండింటినీ వాటి గుణకాలతో నమోదు చేస్తే 2.5 mm అన్నా 0.0025 m అన్నా ఒకటిగానే తీసుకుంటుంది. యూనిట్ తప్పుకు విడిగా పెనాల్టీ పెట్టవచ్చు, మామూలుగా అది 0.1 ఉంటుంది, అంటే పదో వంతు. అదీకాక ఒకే ప్రశ్నకు పలు జవాబులు ఇచ్చి ఒక్కోదానికి ఒక్కో శాతం మార్కు పెట్టవచ్చు. ముందుగా చేసి పెట్టుకున్న తప్పు జవాబులు ఇక్కడ మళ్లీ అక్కరకొస్తాయి. 2.5 × 10⁻⁶ m కు 75 శాతం అని నమోదు చేస్తే మూడో పత్రం రాసిన విద్యార్థికి మనిషి దిద్దినట్టే మూడు మార్కులు వస్తాయి.

ఆరో పత్రాన్ని మాత్రం ఏ సెట్టింగూ పట్టుకోలేదు, దానికి పూర్తి మార్కులు పడిపోతాయి. అది బయటపడాలంటే వైశాల్యం చదరపు మీటర్లలో ఎంత అని ముందు ఒక డబ్బా, సాగుదలకు తర్వాత ఇంకో డబ్బా పెట్టి ప్రశ్నను రెండు ముక్కలు చేయాలి. అలా చేస్తే వైశాల్యం మార్చాలన్న సూచన ప్రశ్నలోనే దొరికిపోతుంది, విద్యార్థి తనంతట తాను మార్చుకుంటాడా లేదా అన్నది ఇక పరీక్షించలేం.